మంగళవారం టిఫిన్ ఎందుకు లేటయిందంటే

"మంగళవారం సాయంత్రం క్యారేజీ గంట లేటుగా వచ్చింది. అడిగితే మీటింగ్ అన్నాడు మీ అబ్బాయి. మీ మీటింగుల కోసం మేం పస్తులుండాలా?"

ఉండక్కర్లేదండీ, తప్పు మాదే. మంగళవారం అసలు మీటింగే లేదు.

నెలకోసారి మా బ్రాడీపేట వంటింట్లోనే స్టాఫ్ రివ్యూ పెట్టుకుంటాం. ఈసారి 12వ తేదీ బుధవారం అనుకున్నాం. ఆరోజు నేను ఊళ్లో ఉండనని గురువారానికి మార్చమన్నాను. మా టీమ్ లీడ్ సోమవారం రాత్రి గ్రూపులో పెట్టిన మెసేజ్ ఇది: "రివ్యూ మీటింగ్ ఒకరోజు ముందుకు జరిపాం. అసౌకర్యానికి చింతిస్తున్నాం."

నేనూ చదివి సరే అన్నాను. ముందుకు అంటే ఆవిడ లెక్కలో గురువారం. నలుగురు కుర్రాళ్ల లెక్కలో మంగళవారం. రెండూ తెలుగే! మూడున్నరకి ఆ నలుగురూ వచ్చి కూర్చున్నారు. మామూలుగా అది ఇళ్ల నుంచి ఖాళీ క్యారేజీలు తెచ్చే టైము. అవి రాలేదు, కడగలేదు, ఇడ్లీలు దింపాక సర్దడానికి గిన్నెల్లేవు.

రాత్రి ఆవిడే మళ్లీ రాశారు. నాకు నచ్చింది కాబట్టి ఉన్నదున్నట్టు పెడుతున్నాను:

"12వ తేదీ బుధవారం మీటింగ్ లేదు. 13వ తేదీ గురువారం మధ్యాహ్నం 3.30కి, వంటింట్లోనే. బుధవారం సార్ ఊళ్లో ఉండరు, అందుకే మార్చాం. నా మెసేజ్ సరిగా లేక ఈరోజు నలుగురు గంటన్నర ఊరికే కూర్చున్నారు, తెనాలి తమ్ముడికి ఇంటికెళ్లే బస్సు కూడా తప్పింది. క్షమించండి. గురువారం కుదరనివాళ్లు రేపు మధ్యాహ్నంలోపు ఫోన్ చేయండి, మీ విషయాలు ముందే రాసుకుంటాను. చూసినవాళ్లు బొటనవేలు బొమ్మ పెట్టొద్దు, 'గురువారం' అని రాయండి."

ఇందులో మీటింగ్ లేని రోజు ముందు, ఉన్న రోజు తర్వాత, రెండూ తేదీతో సహా ఉన్నాయి. ముందుకు, వెనక్కి అన్న మాటే లేదు. చింతిస్తున్నాం అన్నది రైల్వే స్టేషన్ మైకులో వినీ వినీ మనకి చెవికెక్కడం మానేసింది. బస్సు తప్పిందని పేరుపెట్టి చెప్తే ఆ తమ్ముడికి కోపం పోయింది. బొటనవేలు సంగతీ నిజమే. సోమవారం మెసేజ్ కింద అందరూ అదే పెట్టారు, ఎవరికి ఏ రోజు అర్థమైందో ఎలా తెలుస్తుంది? ఈసారి ఒకడు "బుధవారం" అని రాశాడు. వెంటనే ఫోన్ చేశారావిడ.

ఇక మీకు సంబంధించింది. గురువారం మీటింగ్ ఉంది కాబట్టి ఖాళీ క్యారేజీల కోసం 3 గంటలకి బదులు 2 గంటలకే వస్తారు. మధ్యాహ్నం నిద్రపోయేవాళ్లు గుమ్మం బయట పెట్టేయండి, కడగక్కర్లేదు. సాయంత్రం టిఫిన్ ఎప్పటిలా 7 గంటలకే. మంగళవారం లేటుగా అందినవాళ్లకి ఆ పూట డబ్బులు నెల బిల్లులో తీసేస్తున్నాం.