బాదం ఆకు చీరల ఆలస్యం, ఫోటో ఆర్డర్లలో మార్పు

"ఉగాదికి ఇస్తామన్న బాదం ఆకు చీర ఇంకా రాలేదు. పైగా ఇకనుంచి ఫోటో ఒక్కటే పంపితే రంగులు తీయరట. ఎందుకండీ?"

చాలామంది అడిగారు కాబట్టి అందరికీ ఒకేచోట రాస్తున్నాను. ఎర్రబడ్డ బాదం ఆకులోని రంగులు తీసుకుని నేయించే చీరలివి.

చీరలు సగం నేశాక నేనే ఆపించాను. పేక నూలు తప్పు రంగులో వచ్చింది. అద్దకం వాళ్లకు మేం ఇచ్చింది ఫోటో కాదు. ఎర్రబడ్డ ఆకు పక్కన పెట్టి, పగటి వెలుతురులో సరిచూసిన నూలు పోగు. మొదటి విడత నూలు చిలపలు అదే రంగులో వచ్చాయి, వాటితోనే పడుగు వేశాం. పేకకు తెప్పించిన రెండో విడతకు వాళ్లు వేరే రంగుపొడులు కలిపారు, మాకు చెప్పలేదు. వాళ్ల షెడ్డులో ట్యూబ్‌లైటు కింద చూస్తే రెండు విడతలూ ఒకటే. ఎండలోకి తెస్తే మొదటిది ఇటుక ఛాయ ఎరుపు, రెండోది వంకాయ రంగు వైపు జరిగిన ఎరుపు. వేర్వేరు పొడులతో తెచ్చిన ఒకే రంగు ఒక వెలుగులో కలిసిపోయి, ఇంకో వెలుగులో విడిపోతుంది. అద్దకం పని తెలిసిన వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. పోగును ఎండలో ఒకసారి, ట్యూబ్‌లైటు కింద ఒకసారి చూసి ఉంటే అక్కడే తెలిసిపోయేది. అదీ నూలు పూర్తిగా ఆరాక చూడాలి, తడి నూలు ఎప్పుడూ ముదురుగా కనిపిస్తుంది.

అడిగితే, "ఫంక్షన్ హాల్లో కట్టుకునే చీరకు అంత పట్టింపు ఎందుకమ్మా, ఎవరు చూస్తారు?" అన్నారు. ఆ మాట నాకింకా మింగుడు పడలేదు. ఆకు పట్టుకుని షాపుకు వచ్చినవాళ్లు చూస్తారు. అలాగే నేయించి ధర తగ్గించి ఇచ్చేయాలా, ఆపేయాలా అని చాలా టెన్షన్ పడ్డాను. ఉగాది ముందు మగ్గం ఆపడమంటే నేతన్నకు పని పోవడమే. చివరికి నేసినంత మేరా కోయించి, దానికి కూలి మొత్తం ఇచ్చేసి, అదే పడుగు మీద కొత్త పేకతో మళ్లీ మొదలుపెట్టించాను. ఆ అద్దకం వాళ్లు ఎంత తక్కువకు ఇస్తామన్నా మళ్లీ వాళ్ల గడప తొక్కను.

ఇక ఫోటో సంగతి. ఫోను తెలుపును తనకు తోచినట్టు సరిచేసుకుంటుంది. పసుపు వెలుగు బల్బు కింద తీసిన ఆకు ఒకలా, కిటికీ దగ్గర తీసింది ఒకలా వస్తుంది. యాప్‌లో వేలు పెట్టిన చోటే రంగు తీస్తారు కదా, అది ఆకు మెరిసే చోటైతే వెలిసిన గులాబీ వస్తుంది, ఈనె నీడైతే నలుపు వస్తుంది. ఆకు మొత్తానికీ సగటు తీస్తే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కలిసి, ఆ ఆకులో ఎక్కడా లేని మట్టిరంగు తేలుతుంది.

అందుకే ఇకనుంచి మా నూలు పోగుల కార్డు మీకు పంపుతాం. ఆకు కోసిన రోజే, ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర, తెల్లకాగితం మీద పెట్టి కార్డుతో పోల్చండి. ఆకును పోస్టులో పంపొద్దు, మాకు చేరేసరికి గోధుమరంగుకు తిరుగుతుంది. కళ్లు సగం మూసి చూస్తే ఏ రంగు ఎక్కువ పరుచుకుందో తెలుస్తుంది. దాని నంబరు ముందు రాయండి, తర్వాత రెండోది, తర్వాత ఆ చిన్న మచ్చది. మూడు చాలు. ఆకు కాకుండా సూర్యాస్తమయం రంగుల్లో చీర కావాలంటే, దాన్ని కార్డు పక్కన పెట్టుకోలేం కాబట్టి, ఫోటో చూసి మీరే పోగులు ఎంచుకోవాలి. ఆకాశంలోని ఆ వెలుగు నూలులో రాదు. అది ఒప్పుకుంటేనే ఆర్డరు తీసుకుంటాను.

మగ్గానికీ ఒక హద్దు ఉంది. బాదం ఆకులో ముదురు ఎరుపు ఎక్కువ, పసుపు తక్కువ, ఈనెల పక్కన కొంచెం ఆకుపచ్చ. ఎరుపును చీర ఒంటికి పెట్టాం. ఆ ఎర్ర పడుగే పల్లూలోకీ సాగుతుంది కాబట్టి అక్కడ పసుపు పేక వేస్తే కాస్త నారింజ ఛాయకు తిరుగుతుంది, అది ఆకుకు నప్పింది. ఆకుపచ్చ పేక వేస్తే మాత్రం ఎరుపుతో కలిసి మసకబారుతుంది. అంచులో శుభ్రమైన ఆకుపచ్చ కావాలంటే, అంచు పడుగూ ఆకుపచ్చదే వేసి, అంచుకు వేరే నాడె తిప్పే కుప్పడం నేతే దారి. దానికి రోజులూ కూలీ ఎక్కువ. ఈ విడతలో కుప్పడం అడిగినవాళ్లకు ఒప్పుకున్న ధరే, పెంచను.

కొత్త పేక వచ్చింది. ఎండలో నేనే చూశాను. మగ్గం మీది చీరలు ఆర్డరు వరుసలోనే పంపుతాం. ఆగలేమనుకున్నవాళ్లు ఫోన్ చేయండి, అడ్వాన్సు పూర్తిగా వెనక్కి ఇస్తాను.