ఆ గులాబీ గుడ్డ స్టైల్ కాదురా!

ఒరేయ్ సూరిగా,

బన్నీ ఫోటోకి నువ్వు పంపిన క్యాప్షన్ చూశాను. “మురికిపిల్ల వచ్చింది, స్కార్ఫ్ కట్టుకుని యువరాణి వెళ్లింది!” నవ్వొచ్చింది గానీ మా కుక్కల సెలూన్ పేజీలో పెట్టలేను. ఆ గుడ్డ సంగతి వింటే నువ్వే తీసేయమంటావు.

బన్నీ షిట్జూ జాతి కుక్కపిల్ల. పైకి బొచ్చు బాగానే ఉంది. వేళ్లు దూర్చి చూస్తే చెవుల వెనక, చంకల్లో, కాలర్ కింద చాపలా అట్టకట్టేసింది. స్టీల్ దువ్వెన కుదుళ్లదాకా దిగనే లేదు. పైగా ఆ ఇంటావిడ ముందురోజే స్నానం చేయించారట. అక్కడే కొంప మునిగింది. చిక్కు తీయకుండా తడిపితే ఆరేకొద్దీ ఉండ ఇంకా బిగుసుకుపోతుంది.

“గుండు మాత్రం వద్దండీ” అన్నారావిడ. నేనేమీ వాదించలేదు. ఒక ఉండని పట్టుకుని కాస్త లేపి చూపించాను. దాంతోపాటే చర్మమూ లేచింది, బన్నీ మూలిగింది. ఆవిడ ఇంక మాట్లాడలేదు.

అలాంటి చోట కత్తెర ముట్టుకోకూడదురా. ఉండ ఎక్కడ ఆగిందో, చర్మం ఎక్కడ మొదలైందో కనపడదు, తెగుతుంది. క్లిప్పర్‌కి 10 నంబరు బ్లేడు పెట్టి చర్మానికి ఆనించి, ఉండ కిందనుంచి మెల్లగా పోనివ్వాలి. బ్లేడు కాలుతుంది కాబట్టి మాటిమాటికీ నా మణికట్టుకి తాకించి చూసుకున్నాను. బన్నీ రొప్పుతూ పెదాలు నాక్కోవడం మొదలెట్టగానే బల్ల మీంచి దింపేశాను. అలా రెండుసార్లు. మామూలుగా గంటన్నరలో అయ్యే పని 3 గంటలు పట్టింది.

ఇక గుడ్డ. ఆ ఉండల బరువంతా పోయాక కుక్క చెవుల్ని టపటపా విదిలిస్తూనే ఉంటుంది. ఆ దెబ్బలకి చెవి తోలు లోపల రక్తం చేరి బూరెలా ఉబ్బుతుంది, అప్పుడిక డాక్టర్ దగ్గరికి పరుగే. అందుకే తలకి మెత్తగా చుట్టి పంపాను. నీకేమో ఫ్యాషన్‌లా కనిపించింది!

నేను రాసుకున్నది ఇదీ:

“బన్నీకి చిక్కు ముదిరింది, అందుకే పొట్టిగా తీశాం. బొచ్చు మళ్లీ వస్తుంది. తలమీద గుడ్డ చెవులకి కాపలా. స్నానం, ట్రిమ్మింగ్, గోళ్లు, చెవుల శుభ్రం చేస్తాం. చిక్కుపడ్డ పిల్లలకి రోజుకి ఒక్కటే స్లాట్, ఉదయం 10కి. మిగతావాళ్లకి మధ్యాహ్నం 2, 3.30, సాయంత్రం 5. ముందు ఫోన్ చేయండి. మేం మత్తు ఇవ్వం. పిల్ల భయపడితే ఆపేస్తాం, మిగిలిన పని ఇంకోరోజు చేస్తాం.”

చప్పగా ఉందా? నీ ప్రాస కాస్త చల్లు. కానీ ‘మురికి’ అన్న మాట మాత్రం వద్దు. ఫోటో పెట్టుకోండని ఆవిడే ఒప్పుకున్నారు, రేపు చదివేదీ ఆవిడే. శుక్రవారంలోగా పంపరా.

నీ
రాంబాబు