తలగుడ్డ కింద నొసలు ఎట్లుంటాదో మాకేం తెలుసు: స్టూడియో నుంచి కస్టమర్లకు నాలుగు మాటలు

"అన్నా, మా నాయన ఫోటో ఒకటే ఉండాది, అదీ తలగుడ్డతో. ఆ మొహం మా మామ నిలబడిన ఫోటోకి పెట్టి, తలగుడ్డ తీసేసి, జుట్టు కనపడేట్టు చేసిస్తారా? ఎంతయితాది, ఎన్ని రోజులు?"

ఈ నెలలో ఇట్లాంటివి నలుగురైదుగురు అడిగినారు, ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఇక్కడే రాస్తే అందరికీ పనికొస్తాదని రాస్తున్నా. రేటు చివర్లో చెప్తా, ముందు పోయిన సంక్రాంతికి మేము చేసిన తప్పు ఒకటి చెప్పల్ల, ఎందుకంటే ఇప్పుడు పని చేసే పద్ధతి మొత్తం దానివల్లే మారింది.

కమలాపురం వైపు నుంచి ఒక కుటుంబం వచ్చినారు. పెద్దాయన పోయి ఏడాది కావస్తా ఉంది, ఉన్నది ఒక్క పాస్‌పోర్ట్ సైజు ఫోటో, తెల్ల తలగుడ్డ కనుబొమ్మలకు కొంచెం పైదాకా దిగి ఉంది. నిలువెత్తు ఫోటో కావాలన్నారు, అందుకని బావమరిది పెండ్లిలో దిగిన ఫోటో ఇచ్చినారు, ఆ ఒడ్డూపొడుగు సరిపోతాదని. మా దాంట్లో భాషేందంటే మొహం ఎక్కడి నుంచి తీసుకుంటామో అది సోర్స్, ఎక్కడ పెడతామో అది టార్గెట్. అంటే పెద్దాయన సోర్స్, బావమరిది టార్గెట్. కంప్యూటర్లో ఫేస్ స్వాప్ సాఫ్ట్‌వేర్ ఉంది కదా అని మా పిల్లోడు పది నిమిషాల్లో చేసేసినాడు, స్క్రీన్ మీద చూస్తే నాకూ బాగానే అనిపించింది, 12×18 ఫ్రేమ్ కట్టి ఇచ్చేసినాం. ఆ యమ్మ ఫ్రేమ్ చేతిలో పట్టుకొని చానాసేపు చూసి "మొహం ఆయనదే నాయనా, మనిషి మాత్రం ఆయన కాదు" అనింది. నాకు అప్పుడు అర్థం కాలేదు, ఇంటికి పోయి రాత్రంతా అదే ఆలోచన.

అసలు సంగతేందంటే, ఆ సాఫ్ట్‌వేర్ మనిషి తలను మార్చదు. రెండు కండ్లు, ముక్కు కొన, నోటి రెండు మూలలు, ఈ ఐదు చుక్కలు పట్టుకొని మొహాన్ని నిటారుగా తిప్పుకుంటాది, మేము వాడిన inswapper_128 అయితే 128 పిక్సెల్స్ చదరంలో కొత్త మొహం తయారు చేసి మళ్ళీ టార్గెట్ మీద అతికిస్తాది. కనుబొమ్మల నుంచి గడ్డం దాకా సోర్స్ మనిషి పోలిక వస్తాది, దాని పైన ఉండే నొసలు, జుట్టు మొదలయ్యే గీత, చెవులు, తల ఆకారం అన్నీ టార్గెట్ మనిషివే. సోర్స్‌లో తలగుడ్డ ఉన్నా లేకున్నా దానికి ఒకటే, ఏ ఎర్రర్ చూపించదు, చక్కగా ఫోటో ఇచ్చేస్తాది. అక్కడే మోసపోయేది. ఆ బావమరిదికి ముందు భాగం బట్టతల, నొసలు పెద్దది, ఆ నొసలు పెద్దాయన మొహం మీద కూర్చుంది.

దీని మీద ఒక సరదా ఫోటో ఉండాది, 1996లో పవన్ సిన్హా, తొమాసో పోజియో అని ఇద్దరు శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో వేసినారు. అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్, ఉపాధ్యక్షుడు అల్ గోర్ పక్కపక్కన నిలబడినట్టు ఉంటాది, చూసిన ఎవరైనా వాళ్ళిద్దరే అనుకుంటారు, కానీ లోపలి మొహం రెండింటికీ ఒకటే, జుట్టూ తల ఆకారమే వేరు. అంటే జుట్టు చూసే మనం సగం మనిషిని గుర్తుపట్టేస్తున్నామన్నమాట. ఆ యమ్మకు శాస్త్రం ఏం తెలవదు, నలభై ఏండ్లు చూసిన మనిషి కాబట్టి ఒక్క చూపులో పట్టేసింది.

సరే, డబ్బులు తీసుకోకుండా మళ్ళీ చేస్తామని చెప్పినాం. ఈసారి ఫోటోను 1200 డీపీఐలో స్కాన్ చేసి కొలతలు తీసినా. కనుబొమ్మల నుంచి ముక్కు కింది దాకా 360 పిక్సెల్స్, అక్కడి నుంచి గడ్డం కొస దాకా 380. బొమ్మలేసేవాళ్ళకు పాత లెక్క ఒకటుంది, జుట్టు గీత నుంచి కనుబొమ్మ, కనుబొమ్మ నుంచి ముక్కు కింది భాగం, అక్కడి నుంచి గడ్డం, ఈ మూడూ ఇంచుమించు సమానం అని. ఆ లెక్కన జుట్టు గీత కనుబొమ్మల పైన 360 నుంచి 380 దగ్గర ఉండల్ల. ఫోటోలో తలగుడ్డ కింద కనపడేది 90 పిక్సెల్సే, మిగతాదంతా మనం కల్పించేదే. పైగా ఈ లెక్క అందరికీ పట్టదు, యాభై దాటిన మగాళ్ళకైతే అసలే పట్టదు, జుట్టు వెనక్కి పోయి ఉంటాది కదా. బావమరిదిది కొలిస్తే ముక్కు కొలతకు ఒకటిన్నర రెట్లు దగ్గర వచ్చింది, అంటే మొదటి ఫ్రేమ్‌లో మేము ఆ పెద్దాయన నొసలును సగానికి సగం పెంచేసినాం.

ఇంక ఏం చేసేదంటే, పెద్దాయన సొంత తమ్ముడు ఉన్నాడని తెలిసి పిలిపించినాం. తలగుడ్డ ఫోటోలో మొహం ఏ పక్కకు ఎంత తిరిగిందో అంతే తిప్పి, వెలుతురు అదే పక్క నుంచి పడేట్టు కూర్చోబెట్టి, జుట్టు వెనక్కి దువ్వించి నాలుగు ఫోటోలు తీసినాం. ఆయనది కొలిస్తే నొసలు ముక్కు కొలతకు దాదాపు సమానమే. "అన్నదీ ఇంతే, కాకపోతే ఈ రెండు పక్కలా కొంచెం లోపలికి పోయింటాది" అని వేలు పెట్టి కణతల దగ్గర చూపించినాడు. సాఫ్ట్‌వేర్‌కు ఈ మాట ఎవరు చెప్తారు?

రంగు దగ్గర ఇంకో దెబ్బ తిన్నా, అది కొంచెం వివరంగా చెప్తా. తలగుడ్డ అంచు కింద కనపడే చర్మం మీద గుడ్డ నీడ ఉంటాది, ఆ పట్టీని క్లోన్ చేసుకుంటా పైకి పోతే నొసలంతా నల్లగా మాసినట్టు వస్తాది, నేను మొదట అదే చేసినా. రంగు తీసుకోవల్సింది కంటి కింద వెలుతురు పడిన చెంప నుంచి. అదీ చాలదు, ఎందుకంటే ఎండలో శెనక్కాయల చేన్లో ముప్పై ఏండ్లు తలగుడ్డ కట్టిన మనిషికి గుడ్డ కింద నొసలు మొహం కంటే తెల్లగా ఉంటాది, మన ఊర్లల్లో ఏ రైతునన్నా తలగుడ్డ తీయించి చూడండి, గీత గీసినట్టు కనపడతాది. మొహం రంగే పైదాకా పూసేస్తే చూసేవాళ్ళకు ఏదో తేడా అనిపిస్తాది గానీ ఏందో చెప్పలేరు. నొసటి రంగును కొంచెం లేత చేసి, ఆ గీతను చానా మెత్తగా ఉంచితేనే మనిషి మనిషిలా వచ్చినాడు. నొసటి ముడతలు కూడా కింద సగం ముక్కలే కనపడతాయి, వాటిని తమ్ముడి ఫోటో చూసి పైకి లాగినాం.

అంతా అయినాక ఆ యమ్మకు రెండు ప్రింట్లు చూపించినాం, ఒకటి జుట్టుతో, ఇంకోటి ఆయన తెల్ల తలగుడ్డనే బావమరిది ఒంటి మీదకు తెచ్చి కట్టినట్టు. జుట్టుది చూసి "ఆ, ఇట్లనే ఉంటాడు" అని ఒప్పుకునింది, కానీ తీసుకుపోయింది మాత్రం తలగుడ్డదే. నాకైతే అదే మంచి పని అనిపిస్తాది, అందులో నొసలూ జుట్టూ మేము కల్పించేది ఏం లేదు, గుడ్డ ఆకారం ఆయనదే, మొహం ఆయనదే. కష్టం ఒకటే, చిన్న ఫోటోలో గుడ్డ మడతలు పెద్ద ప్రింట్‌కు చాలవు, అందుకని అట్లాంటి పంచె ముక్కే తమ్ముడికి కట్టించి తీసిన ఫోటో నుంచి మడతలు తెచ్చుకున్నాం.

ఇది తిరగేస్తే టార్గెట్‌లో చున్నీ ఉన్న ఫోటోలు. ఇవి నిఖాల సీజన్లో మాకు రోజూ వచ్చే పనే, గ్రూప్ ఫోటోలో ఒకామె కండ్లు మూసుకొని ఉంటాది, రెండు సెకన్ల తర్వాత తీసిన ఫోటోలో కండ్లు తెరిచే ఉంటాది, అది తెచ్చి ఇక్కడ పెట్టమంటారు. మనిషి ఒకరే, కానీ ఆ రెండు సెకన్లలో చున్నీ జారింటాది లేదా సర్దుకునింటాది. మొత్తం మొహం నొసలుతో సహా తెచ్చి పెడితే రెండు చున్నీ అంచులు వస్తాయి, లేకపోతే అంచు లేసు మీద చర్మం పూసినట్టు ఒక మసక పట్టీ. అందుకని కనుబొమ్మల పైన ఒక వేలు మందం దగ్గరే ఆపేసి, నొసలూ చున్నీ టార్గెట్‌వే ఉంచేస్తాం. మొహం లేయర్ కింద, చున్నీ లేయర్ దాని పైన, అంచు వెంబడి పెన్ టూల్‌తో కోత. ఆ తర్వాత గుడ్డ కింద సన్నగా నీడ వేయల్ల, కింది రంగును ముదురు చేసే మల్టిప్లై మోడ్‌లో, నలుపుతో కాదు, ఆమె చర్మం రంగులోనే ముదురుది తీసుకొని. నీడ లేకపోతే చున్నీ స్టిక్కర్ అతికించినట్టు తేలుతాది. ఫోటో వచ్చినాక మీరూ చూసుకోవచ్చు, రెండింతలు జూమ్ చేసి చున్నీ అంచును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూడండి, ఎక్కడైనా జరీ తెగినా, కనుబొమ్మ కొస మాయమైనా వెనక్కి పంపండి. నెట్ చున్నీలైతే ముందే చెప్తున్నా, లోపల జుట్టు సగం కనపడతా ఉంటాది కాబట్టి కోత పెట్టడానికి అంచే ఉండదు, దానికి టైం పడతాది.

ఇప్పుడు చెయ్యని పనులు. బతికున్న ఆడమనిషి చున్నీ తీసేసి జుట్టు పెట్టమని వేరేవాళ్ళు వచ్చి అడిగితే చెయ్యం, అన్న అయినా మొగుడైనా సరే, ఆమె వచ్చి అడగల్ల. పాస్‌పోర్ట్ ఫోటోలకు ఈ మార్పులు అసలు చెయ్యం. మతం కోసం తల కప్పుకుంటే పాస్‌పోర్ట్ ఆఫీసు వాళ్ళు ఒప్పుకుంటారు, గడ్డం కింది నుంచి నొసలు పైదాకా, రెండు పక్కలా మొహం కనపడితే చాలు, కాబట్టి రండి, చున్నీ రెండు వేళ్ళు వెనక్కి సర్దుకొని ఐదు నిమిషాల్లో మళ్ళీ తీస్తాం.

రేటు విషయానికొస్తే, తలగుడ్డ ఉంచి చేస్తే 800, తీసి నొసలు కట్టాలంటే 1500, ఇంట్లో పెద్దోళ్ళు ఒకరు చూసి సరే అంటేనే ఫ్రేమ్ కడతాం, అప్పటిదాకా డబ్బులు వద్దు. వారం పడతాది. వాట్సాప్‌లో ఫోటో పంపొద్దండి, అది కుదించేస్తాది, అసలు ఫోటోనే తీసుకురండి, ఇక్కడే స్కాన్ చేసి అప్పుడే ఇచ్చేస్తాం. అడిగిన తమ్ముడికి: మీ నాయన అన్నదమ్ముల్లో ఎవరైనా ఉంటే వెంట పిల్చుకొని రా, లేకుంటే నాయన పోలికలు వచ్చిన నువ్వే రా. తలకు నూనె మాత్రం పెట్టుకోవద్దు, మెరుపుకు జుట్టు గీత ఫోటోలో సరిగా పడదు.