కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి: మొత్తం సరిపోయినా లెక్క తప్పిన ఒక పేజీ గురించి

మంత్రి గారికి నమస్కారం.

నేను చాలా ఏళ్లు ఒక ఫ్యాక్టరీ టైమాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా కాలనీలోని కార్మికులు జీతం లెక్కలు చూపించుకోవడానికి నా దగ్గరికి వస్తుంటారు. ప్రెస్ షాపులో పనిచేసే ఒక తమ్ముడు జీతాల రిజిస్టరులో సంతకం పెట్టేటప్పుడు ఆ పేజీని ఫోన్లో ఫొటో తీసి తెచ్చాడు. అది 2024 ఆగస్టు నెల పేజీ. ఇరవై మంది పేర్లు ఉన్నాయి, అడుగున ప్రింటు చేసిన మొత్తాలు ఉన్నాయి. మీకు రాయాల్సిన అవసరం ఆ పేజీ వల్లే వచ్చింది.

ముందు పీఎఫ్ కాలంలో, అంటే ఆ నిలువు వరుసలో ఉన్న అంకెలన్నీ కూడాను. నాకు 28,710 వచ్చింది, ప్రింటులో 28,440 ఉంది. తమ్ముడి ముఖం మాడిపోయింది. కానీ తేడా 270 తొమ్మిదితో శేషం లేకుండా పోతుంది. ఇలాంటి తేడా వస్తే పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమో చూడాలని మా టైమాఫీసులో మొదట నేర్పేవారు. పేజీ కుట్టు దగ్గర వంగిన చోట ఒక వరుసలో 1,470 ఉంటే నేను 1,740 అని రాసుకున్నాను. ఆ మనిషి బేసిక్, డీఏ కలిపి 12,250. అందులో 12 శాతం 1,470 కాబట్టి రిజిస్టరే సరైనది, తప్పు నాది. ఫొటో చూసి లెక్క వేసేవాళ్లు కంపెనీని అనేముందు ఈ పని చేసి తీరాలి.

తర్వాత ఈఎస్ఐ. పక్కనే ‘ఇన్సూరెన్స్’ అని ఇంకో కాలం ఉంటుంది, అది పాలసీల ప్రీమియం కోత. రెండూ కలిపి కూడి కంగారుపడేవాళ్లను చూశాను. ఈఎస్ఐ కాలం కూడితే 2,219 వచ్చింది. ప్రింటులోనూ అంతే. జీతాల మొత్తం 2,94,600 మీద నేరుగా కార్మికుడి వాటా 0.75 శాతం వేస్తే 2,209 రూపాయల 50 పైసలే వస్తుంది. ఈ తేడా దొంగతనం కాదు. ఈఎస్ఐలో ఒక్కొక్కరి కోతలో పైసలు ఉంటే పై రూపాయికి పెంచుతారు. ఇరవై మందికి కలిపి పది రూపాయల దాకా ఎక్కువ రావడం మామూలే.

కూడిక కుదిరింది కదా అని అక్కడే ఆగిపోయేవాణ్ణి. తమ్ముడి వరుస అడ్డంగా చదివాక ఆగలేకపోయాను. మామూలు జీతం 15,600, ఓవర్‌టైమ్ పదహారు గంటలకు 2,400, మొత్తం 18,000. ఈఎస్ఐ కోత 117 మాత్రమే ఉంది. అంటే 15,600 మీదే కట్టారు. నేను పైన చెప్పిన 2,94,600లో కూడా ఎవరి ఓవర్‌టైమూ లేదు. పీఎఫ్‌కు ఓవర్‌టైమ్ లెక్కలోకి రాదు, అది నిజమే. కానీ ఆ నెలకు వర్తించే 1948 నాటి ఈఎస్ఐ చట్టం కింద ఓవర్‌టైమ్ మీద కూడా చందా కట్టాలి. 18,000 మీద 135 కోయాలి. యాజమాన్యం వాటా 3.25 శాతం చొప్పున ఇంకో 78 రూపాయలు కట్టాలి. ఆ 78 మాకు ఏ పేజీలోనూ కనిపించదు.

పద్దెనిమిది రూపాయలు చేతిలో మిగిలాయి కదా అని తమ్ముడు అన్నాడు. అతను 2025 ఫిబ్రవరిలో నడుము పట్టేసి మంచాన పడ్డాడు. ఆ రోజులకు ఈఎస్ఐ ఇచ్చే జబ్బు సెలవు డబ్బు లెక్క కట్టేది అంతకుముందు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా చూపిన జీతం మీదే. అది రోజు సగటు జీతంలో 70 శాతం. నెలకు 26 రోజుల లెక్కన, 15,600 మీద అయితే రోజుకు 420, 18,000 మీద అయితే సుమారు 485. ఆ ఆర్నెల్లూ అతను అంతే ఓవర్‌టైమ్ చేశాడు. మంచం మీద ఉన్న ప్రతి రోజుకూ అరవై రూపాయలకు పైగా పోయాయి. పాలప్యాకెట్లు, ఆటో ఖర్చు అందులోంచే వెళ్లాలి.

తనిఖీకి వచ్చే అధికారి అడుగున ఉన్న మొత్తాన్ని చలానాతో పోల్చి టిక్కు పెడితే ఇది ఎప్పటికీ దొరకదు. తక్కువ వేసిన కోతలన్నీ కూడితే తక్కువ మొత్తమే వస్తుంది, చలానా కూడా అంతే ఉంటుంది. రెండూ అందంగా సరిపోతాయి. అందుకే పాత నెలల రిజిస్టర్లు చూసేటప్పుడు ఓవర్‌టైమ్ కాలం ఖాళీగా లేని వరుసలు కొన్ని తీసి, అడ్డంగా లెక్క వేయమని మీ అధికారులకు చెప్పండి. జీతం చీటీలో పీఎఫ్ ఏ జీతం మీద కోశారు, ఈఎస్ఐ ఏ జీతం మీద కోశారు, యాజమాన్యం తన వాటా ఎంత కట్టింది అన్నవి విడివిడిగా అచ్చు వేయించండి. తమ్ముడి లాంటివాళ్లకు పాత బాకీ కట్టించి, జబ్బు సెలవు డబ్బు మళ్లీ లెక్క వేయించండి. ఆ పేజీ ఫొటో, నా చేతి లెక్క మీరు ఎప్పుడు అడిగినా పంపుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టైమాఫీసు గుమాస్తా