బామ్మర్ది దుబాయ్ వీసా సంగతి

ఒరేయ్ శ్రీనూ,

నీ ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి ఒకటే టెన్షన్‌రా. మీ బామ్మర్దిని దుబాయ్ పంపడానికి ఆ ఏజెంటుకు ఎనభై వేలు, అదీ నగదు, అదీ ఎల్లుండిలోగా! ఒక్క రెండు రోజులు ఆగు.

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఏజెంటు కార్డు మీద లైసెన్సు నంబరు ఉంది కదా, దాన్ని emigrate.gov.in లో రిక్రూటింగ్ ఏజెంట్ల జాబితాలో వెతికాను. నంబరు నిజమైనదే. లైసెన్సు కూడా నడుస్తోంది. అయితే అది ముంబైలోని ఒక కంపెనీది. ఈ ఏజెంటు ఆఫీసేమో ఆర్మూరులో. సైట్‌లో ఉన్న ఫోన్ నంబరుకే చేసి అడిగాను. ఆర్మూరులో మాకు బ్రాంచీ లేదు, ఆ మనిషి ఎవరో తెలియదు అన్నారు. కార్డు మీది నంబరుకు చేసి ఉంటే అతనే ఎత్తి "అవునన్నా, మేమే" అనేవాడు. ఊళ్లో చాలామంది నంబరు దొరికింది కదా అని అక్కడితో ఆగిపోతారు. ఆ నంబరు ఎవరిదో చూడరు.

ఇక డబ్బు. లైసెన్సున్న ఏజెంటు మన దగ్గర తీసుకోగలిగింది గరిష్ఠంగా 30,000, దానిపైన 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. అదీ రసీదు ఇచ్చి. దుబాయ్‌లో వీసా ఖర్చు కంపెనీదే, అక్కడి చట్టమే అలా ఉంది. మరి మిగతా నలభై నాలుగు వేల ఆరువందలు దేనికో అతన్నే అడుగు.

కాంట్రాక్టు ఫోటో కూడా చూశాను. నోటితో 1,500 దిర్హాములన్నాడు. కాగితంలో బేసిక్ 900, మిగతాది అలవెన్సు. నెలకు చేతికొచ్చేది అంతే కదా అనకు. ఓవర్‌టైమ్, వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ బేసిక్ మీదే లెక్కేస్తారు. గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లు ఏడాదికి 21 రోజుల జీతం. 1,500 మీద అది 1,050 అయితే, 900 మీద 630 మాత్రమే. భోజనం ఎవరిదో అసలు రాయలేదు.

అన్నిటికన్నా నాకు నచ్చనిది, ముందు విజిట్ వీసా మీద పంపి అక్కడ మార్పిస్తాననడం. మీవాడు టెన్త్ పాస్ కాలేదు, పాస్‌పోర్టు ఈసీఆర్. అంటే ఉద్యోగానికి పోవాలంటే ప్రభుత్వం దగ్గర ఎమిగ్రేషన్ క్లియరెన్సు తీసుకోవాలి. దాన్ని తప్పించుకోవడానికే ఈ దారి. రేపు జీతం ఆపేస్తే చూపించడానికి ఇక్కడ నమోదైన కాంట్రాక్టే ఉండదు.

నేను షార్జా పోయినప్పుడు మేస్త్రీ పని అన్నారు గుర్తుందా? దిగాక అరబిక్ కాగితం మీద సంతకం పెట్టించుకుని హెల్పర్‌గా వేశారు. ఏడాదిన్నర ఇటుకలు మోశాను. అందుకే ఇంత గొడవ చేస్తున్నా.

పాస్‌పోర్టు అతని దగ్గరే ఉందన్నావు, రేపే పోయి తెచ్చేసుకో. మీ ఆవిడకి నేను ఫోన్ చేసి చెప్తాలే, నువ్వు తిట్లు తినకుండా.

నీ,
రాజు