వార్షిక నివేదిక: నేల జాలీలు, పైపు సందుల గుండా వచ్చే పురుగుల నివారణ

గౌరవ సభ్యులకు,

ఈ సంవత్సరం సంఘం చేపట్టిన నిర్వహణ పనుల్లో ఎక్కువ సమయం తీసుకున్నది స్నానాల గదుల్లోకి బొద్దింకలు రాకుండా చేసే పని. మందు కొట్టించిన కొన్నాళ్లకే అవి మళ్లీ కనిపిస్తున్నాయని పలువురు సభ్యులు తెలియజేసినందున, ఈసారి మందు మాట పక్కన పెట్టి, అవి ఏ దారిన వస్తున్నాయో ముందు తేల్చాలని కార్యవర్గం నిర్ణయించింది.

కింది అంతస్తులోని ఒక ఫ్లాట్‌లో జరిగిన పరిశీలనను వివరంగా పేర్కొనడం అవసరం. ఆ ఇంటివారు స్నానాల గది నేల జాలీపై సన్నని వల మూత అప్పటికే బిగించుకున్నారు. అయినా రాత్రిపూట పెద్ద, ఎర్రగోధుమ రంగు బొద్దింకలు వస్తూనే ఉన్నాయి. జాలీ పక్కన ఒకటి, వాష్ బేసిన్ కింద ఒకటి, వాషింగ్ మెషీన్ నీరు పోయే పైపు వద్ద ఒకటి చొప్పున జిగురు అట్టలు పెట్టించగా, బేసిన్ కింది అట్టకే బొద్దింకలు చిక్కాయి. బేసిన్ నుంచి దిగే పైపు నేలలోకి వెళ్లే చోట ఉన్న మెరుగు బిళ్లను పైకి జరిపి చూస్తే, దాని కింద పైపు చుట్టూ వేలు పట్టేంత సందు ఉంది. బిళ్ల అందానికి పెట్టేదే తప్ప, సందును మూసేది కాదు. పెరిగిన బొద్దింక సైతం శరీరాన్ని అణచుకొని సుమారు 3 మిల్లీమీటర్ల సందులో దూరగలదు కనుక, అంత ఖాళీ దానికి తెరిచిన తలుపే.

అక్కడ వదులైన పాత సిమెంటును గీకి, పైపును తుడిచి ఆరనిచ్చి, లోతైన సందులో ముందుగా ఫోమ్ కడ్డీ కూరి, దానిపై సిలికాన్ సీలెంట్ పట్టించి, ఒక రోజంతా నీరు తగలనీయకుండా ఉంచాము. పైపు కదిలినప్పుడల్లా పగిలే ఒట్టి సిమెంటు ఇలాంటి చోట నిలవదు. తడి మీద పూసిన సిలికాన్ కూడా అంచుల వెంట లేచిపోతుంది. గోటితో నొక్కి చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

అదే ఇంట్లో, అతిథులు వచ్చినప్పుడే వాడే రెండో స్నానాల గదిలో మరో దారి బయటపడింది. జాలీ కింద ఉండే ట్రాప్‌లో నిలిచే నీరే మురుగు పైపుకూ గదికీ మధ్య అసలైన అడ్డు. గది వాడకపోతే ఆ నీరు ఆవిరైపోతుంది. టార్చి వేసి చూసినప్పుడు లోపల నీటి మెరుపు కనిపించకపోయినా, మురుగు వాసన వస్తున్నా, ట్రాప్ ఎండినట్లే. వారానికొకసారి ఒక చెంబెడు నీరు పోస్తే చాలును. బోర్లించిన కప్పు గల ట్రాప్ ఉన్నవారు మరొకటి గమనించాలి: నీరు సరిగా పోవడం లేదని ఆ కప్పును తీసి మూల పెట్టేస్తే, నీటి అడ్డు కూడా దానితోనే పోతుంది. చాలా ఇళ్లలో ఇదే జరిగిందని చెప్పక తప్పదు.

మూతల విషయంలో మా అనుభవం మిశ్రమంగా ఉంది. రంధ్రం సుమారు 1 మిల్లీమీటరు ఉన్న వల పిల్ల బొద్దింకలను సైతం ఆపుతుంది గానీ, వెంట్రుకలు, సబ్బు తెట్టు పట్టి త్వరగా పూడుకుపోతుంది. అప్పుడు నీరు నిలుస్తుంది, విసిగిన మనిషి మూత తీసేస్తాడు, దారి మళ్లీ తెరుచుకుంటుంది. నీటి బరువుకు తెరుచుకొని తిరిగి మూసుకునే సిలికాన్ రెక్క మూతలకు ఇబ్బంది మరో రకం: రెక్కల మధ్య నాలుగు వెంట్రుకలు ఇరుక్కుంటే అవి పూర్తిగా మూసుకోవు. కాబట్టి ఏ మూత పెట్టినా, దానిపైన వెంట్రుకలు పట్టే జల్లెడ విడిగా ఉండాలని, స్నానం అయిన వెంటనే దానిని దులపాలని కార్యవర్గం అభిప్రాయం. జాలీ చుట్టూ గోడల మీద వాలే చిన్న బూజు రంగు ఈగలకు కూడా ఇదే మందు. పైపు లోపలి జిగట పొరలోనే అవి పెరుగుతాయి కనుక ఆ పొరను బ్రష్షుతో తోమి తీయాలి. మరిగే నీరు పోయడం వల్ల ప్లాస్టిక్ పైపు అతుకులు దెబ్బతింటాయి, అది వద్దు.

వంటగది అరల్లో తిరిగే చిన్న, లేత గోధుమ రంగు బొద్దింకలు ప్రధానంగా అట్టపెట్టెలు, సంచుల వెంట ఇంట్లోకి చేరి అక్కడే గుడ్లు పెడతాయి. వాటికి జాలీ మూతలు పనిచేయవు. వాటి కోసం విషపు జెల్ ఎరను వేరుగా పెట్టించుకోవాలి.

ఆవరణలోని మురుగు చాంబర్లలో కొన్నింటి మూతలు అంచుల వద్ద సరిగా కూర్చోవడం లేదు. వాటిని సరిచేయించడం, తాళం వేసి ఉన్న ఫ్లాట్ల ట్రాప్‌లలో యజమానుల అనుమతితో నీరు పోయించడం వచ్చే సంవత్సరపు పనుల్లో చేర్చాము. ఊరు వెళ్లే సభ్యులు ఆ అనుమతిని ముందుగా రాతపూర్వకంగా ఇవ్వగలరు.

భవదీయులు,
కార్యవర్గం