శిక్ష ఖరారుకు ఒక్క మధ్యాహ్నం చాలదు

సంపాదకునికి,

ఘోరమైన హత్య కేసులో ఉరి యావజ్జీవంగా మారిందంటే చాలు, జడ్జిలు జాలిపడ్డారని తిట్టిపోస్తాం. 2011లో ఇండోర్‌లో దోపిడీకి వచ్చినవాళ్లు ఒకే ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లను చంపేశారు. నేరం ఎంత క్రూరమైందో 2022 మేలో తీర్పిచ్చిన సుప్రీంకోర్టు ఎక్కడా తగ్గించి చెప్పలేదు. కానీ నిర్దాక్షిణ్యంగా చంపడం త్రాసులో ఒక వైపు మాత్రమే. దోషులు మారే అవకాశం ఉందా అన్నది రెండో వైపు. వాళ్ల చిన్న వయసు, జైల్లో ప్రవర్తన, మానసిక నిపుణుల నివేదిక చూశాకే ఉరిశిక్షను రద్దు చేసి, కనీసం 25 ఏళ్ల జైలు ఖాయం చేసింది. ఇది వదిలేయడం ఎలా అవుతుంది?

నా బాధ కింది కోర్టుల గురించి. అక్కడ చాలాసార్లు దోషి అని తేల్చిన రోజే, "శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా?" అని అడుగుతారు. షాక్‌లో ఉన్న మనిషి "ముసలి తల్లిదండ్రులున్నారు, దయ చూపండి" అంటాడు. తీర్పులో అదొక వాక్యం, అంతే. నేరం తీవ్రతకు ఫొటోలు, పోస్టుమార్టం రిపోర్టులు ఫైల్లో ముందే ఉంటాయి. చిన్నప్పటి చదువు, మానసిక ఆరోగ్యం, కుటుంబ పరిస్థితి గురించి ఒక్క కాగితం ఉండదు.

ఉరికి అవకాశమున్న కేసుల్లో ఈ వివరాలను ప్రభుత్వమే ముందుగా కోర్టుకివ్వాలని ఆ సుప్రీంకోర్టు తీర్పే చెప్పింది. ప్రొబేషన్ అధికారి దోషి ఊరెళ్లి విచారించి రావడానికైనా వాయిదా ఇవ్వాలి కదా!

- ఒక న్యాయవాది, వరంగల్